ట్రైనింగ్ లెక్చర్‌ని పాఠ్య ప్రణాళికగా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల స్కూల్ కాంప్లెక్స్ మీటింగులకు వచ్చే టీచర్లు, బోయపాలెం, అంగలూరు డైట్‌లలో చదివే ట్రైనీలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను: భిన్నాలు ఎలా చెప్పాలో వివరించే 90 నిమిషాల ట్రైనింగ్ లెక్చర్, దాని నుంచి 5వ తరగతి కోసం తయారయ్యే 45 నిమిషాల పీరియడ్ ప్లాన్.

లెక్చర్ నోట్స్ నీట్‌గా రాసుకున్నాను. వాటికే హెడ్డింగులు పెట్టేస్తే ప్లాన్ అయిపోదా?

అవ్వదు. ఆ లెక్చర్ చెప్పింది మీకు, పిల్లలకు కాదు. భిన్నాలు పిల్లలకు ఎందుకు కష్టం, మొత్తంలో భాగానికీ గుంపులో భాగానికీ తేడా ఏంటి, బ్రూనర్ చెప్పినట్టు చేతితో చేయడం నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి గుర్తుకు ఎలా వెళ్ళాలి, ఇవన్నీ టీచరు తలలో ఉండాల్సిన విషయాలు. వీటిని అదే వరసలో ప్లాన్‌లోకి ఎక్కిస్తే అక్కడ మీరు మాట్లాడే మాటలే ఉంటాయి, పిల్లలు చేసే పని ఎక్కడా కనపడదు.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీ ప్లాన్‌లో ప్రతి వాక్యానికీ కర్త ఎవరో చూడండి. "ఉపాధ్యాయుడు వివరిస్తాడు, ఉపాధ్యాయుడు చూపిస్తాడు, ఉపాధ్యాయుడు ప్రశ్నిస్తాడు" అని వరసగా వస్తోందంటే అది ఇంకా లెక్చరే, గళ్ళు మాత్రం కొట్టారు.

సరే, మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్సిల్ తీసుకుని నోట్స్ మొదటి నుంచి చదవండి. ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం పెట్టుకుంటూ వెళ్ళండి. పిల్లవాడు చేసి చూపించగలిగేది అయితే "పి", క్లాసులో టీచరు చేయాల్సిన పని అయితే "టీ", పిల్లలు పడే పొరపాటు గురించి అయితే "త". ఈ మూడింట్లో దేనికీ చెందనివి ఉంటాయి, వాటిని అలాగే వదిలేయండి, అవి మీ అవగాహనకు పనికొచ్చే నేపథ్యం మాత్రమే.

మన భిన్నాల లెక్చర్‌లో సగానికి పైగా వాక్యాల పక్కన ఏ అక్షరమూ పడదు. కంగారు పడకండి, ఏ లెక్చర్‌కైనా ఇంతే. "త" పడిన వాక్యాలే అసలు బంగారం. ఈ లెక్చర్‌లో ఆ వాక్యం ఇది: "8 అనేది 6 కంటే పెద్దది కాబట్టి 1/8 కూడా 1/6 కంటే పెద్దదని చాలామంది పిల్లలు అనుకుంటారు." పూర్ణ సంఖ్యల అలవాటు భిన్నాల్లోకి వచ్చి కూర్చోవడం వల్ల వచ్చే తప్పు ఇది. హారం అంటే ఎన్ని సమాన ముక్కలు చేశామో చెప్పే సంఖ్య అన్నది పిల్లవాడికి ఇంకా పట్టలేదు, అతనికి కింద ఉన్నది మామూలు ఎనిమిది, అంతే.

పీరియడ్‌ని ఈ ఒక్క తప్పు చుట్టూ కట్టండి. లెక్చర్‌లో ఇలాంటి తప్పులు మూడు చెప్పి ఉంటే మూడు పీరియడ్లు అవుతాయి. మూడూ ఒక్క పీరియడ్‌లో కలపొద్దు.

లక్ష్యం రాయడం దగ్గరే ఆగిపోతున్నాం. "విద్యార్థులు భిన్నాలను అవగాహన చేసుకుంటారు" అని రాస్తే తప్పా?

తప్పని కాదు, కానీ పనికిరాదు. అవగాహన అయిందో లేదో సాయంత్రం మీకెలా తెలుస్తుంది? బీఎడ్‌లో, డీఎడ్‌లో లక్ష్యం కింద స్పష్టీకరణలు రాయమనేది అందుకే. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని నాలుగు లక్ష్యాలు, ఒక్కోదాని కింద "గుర్తిస్తారు, పోలుస్తారు, భేదాలు చెబుతారు" లాంటి క్రియలు. మనవాళ్ళలో చాలామంది వాటిని పాత రికార్డు చూసి దింపేసి ఊరుకుంటారు, అసలు ఉపయోగం ఉన్నది అక్కడే అయినా.

"పి" అని గుర్తు పెట్టుకున్న వాక్యాన్నీ "త" వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి ఒక్క వాక్యం రాయండి. మన ఉదాహరణకు ఇలా వస్తుంది:

"ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీల సాయంతో, లవం 1 ఉన్న రెండు భిన్నాల్లో పెద్దది ఏదో చూపించి, ఎందుకో తన మాటల్లో ఒక వాక్యంలో చెబుతారు."

ఇందులో "ఒకే పొడవున్న" అనే మాట తీసేస్తే పోలికే చెల్లదు, ఎందుకంటే మొత్తం ఒకటే అయితేనే భాగాలను పోల్చగలం. "లవం 1 ఉన్న" అనే మాట ఈ పాఠానికి గీసిన హద్దు, దాని సంగతి కింద వస్తుంది. "ఎందుకో చెబుతారు" అనేది మన గణిత విద్యా ప్రమాణాల్లో "కారణాలు చెప్పడం, నిరూపణ చేయడం" కిందకు వస్తుంది, పట్టీ మడిచి చూపడం "ప్రాతినిధ్యపరచడం" కిందకు వస్తుంది. ప్రమాణాల గడి నింపడానికి ఈ రెండూ చాలు. ఐదు ప్రమాణాలూ ఒక్క పీరియడ్‌లో సాధించేశామని రాస్తే చదివేవాళ్ళు కూడా నమ్మరు.

కృత్యాలకంటే ముందే అసెస్‌మెంట్ రాయమంటున్నారు. పాఠమే తయారు కాకుండా పరీక్ష ఎలా?

లక్ష్యం రాశాక వెంటనే చివరి ప్రశ్న రాసేసుకోండి. అది లేకుండా కృత్యాల్లోకి దిగితే బాగున్నవి, సరదాగా ఉన్నవి అన్నీ వచ్చి చేరతాయి, ఆఖర్లో "ఇంటిపని: 42వ పేజీ లెక్కలు" అని రాసి ముగించాల్సి వస్తుంది.

మన పాఠానికి చివరి ప్రశ్న చాలా చిన్నది. ఒక చీటీ మీద: "1/7, 1/9లో ఏది పెద్దది? ఎందుకు? ఒక వాక్యం రాయండి."

7, 9 ఎందుకంటే క్లాసులో పిల్లలు చేత్తో పట్టుకునే పట్టీల్లో ఆ సంఖ్యలు ఉండవు. 1/6, 1/8 అనే అడిగితే ఇందాక పక్కపక్కన పెట్టి చూసింది గుర్తుపెట్టుకుని రాసేస్తారు, అప్పుడు మీరు కొలిచింది జ్ఞాపకశక్తి. "ఎందుకు" అనేది వదిలేస్తే ఇంకో సమస్య. రెండే ఎంపికలు ఉన్న ప్రశ్నకు ఏమీ తెలియని పిల్లలు గుడ్డిగా రాసినా దాదాపు సగం మందికి సరైన జవాబు వచ్చేస్తుంది. సగం క్లాసు కరెక్ట్‌గా రాశారని మీరు సంతోషిస్తారు, అక్కడ నేర్చుకున్నది సున్నా కావచ్చు.

లక్ష్యంలో లేనిది చీటీలో అడగొద్దు. దశాంశాలో, భిన్నాల కూడికో పనిలోపనిగా అడిగేద్దాం అనిపిస్తుంది, ఆగండి.

లెక్చర్‌లో చూపించిన కృత్యాన్ని అలాగే పెట్టేయొచ్చా?

ముందు మీరు ఇంట్లో చేసి చూడండి. ట్రైనింగ్ హాల్లో రిసోర్స్ పర్సన్ రంగు కాగితం మడిచి చూపించినప్పుడు భలే ఉంటుంది. నలభై మంది పిల్లలున్న గదిలో అదే పని వేరేగా ఉంటుంది, తేడా అంతా చిన్న చిన్న విషయాల్లోనే.

పట్టీ సంగతే చూడండి. సగం మడవడం తేలిక, దాన్ని మళ్ళీ సగం చేస్తే 4, మళ్ళీ చేస్తే 8. కానీ 3 సమాన భాగాలుగా మడవమంటే పెద్దవాళ్ళకే సరిగ్గా రాదు, 6 ఇంకా కష్టం. పిల్లలను మడవమంటే మూడు ముక్కలూ మూడు సైజుల్లో వస్తాయి, "సమాన భాగాలు" అనే మూలమే పోతుంది. అందుకని 2, 4, 8 పిల్లలు మడుస్తారు, 3, 6 భాగాల పట్టీలకు మీరే ముందు రోజు గీతలు గీసి ఉంచుతారు.

పొడవు 24 సెంటీమీటర్లు పెట్టండి. 24ని 2, 3, 4, 6, 8 అన్నీ భాగిస్తాయి, కాబట్టి మూడో వంతు 8 సెంటీమీటర్లు, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3 వస్తాయి. స్కేలు పెట్టి గీయడం సులువు. పైగా 1/6కీ 1/8కీ మధ్య సరిగ్గా ఒక సెంటీమీటరు తేడా ఉంటుంది, కంటికి ఆనుతుంది. కాగితం పొదుపు అని 10 సెంటీమీటర్ల పట్టీలు చేశారనుకోండి, ఆ తేడా అర సెంటీమీటరు కూడా ఉండదు, మడతలో వచ్చే వంకరే అంతకంటే ఎక్కువ. అప్పుడు "సార్, నాకు 1/8 పెద్దదొచ్చింది" అని ఒకడు పట్టీ చూపిస్తాడు, వాడు చెప్పేది నిజమే.

ఏ4 కాగితాన్ని పొడవులో 24 సెంటీమీటర్లకు కత్తిరించి, 3 సెంటీమీటర్ల వెడల్పున నిలువుగా కోస్తే ఒక్కో కాగితానికి 7 పట్టీలు వస్తాయి. గీతలున్న పట్టీలకు ఒక పేజీ గీసి జిరాక్స్ తీయించుకుంటే పని తగ్గుతుంది. కానీ బ్రాడీపేటలో తీయించినా గవర్నరుపేటలో తీయించినా "ఫిట్ టు పేజ్" పెట్టొద్దని షాపులో చెప్పండి, లేకపోతే పొడవు తగ్గి వస్తుంది, పిల్లలు మడిచిన తెల్ల పట్టీతో కలవదు. ఒక కాపీ తీయగానే స్కేలు పెట్టి చూసుకుని మిగతావి తీయించండి.

టైమ్ ఎలా పంచాలి? ఎప్పుడూ ఆఖరి పది నిమిషాలు మిగలవు.

వెనక నుంచి పంచుకుంటూ రండి. 45లో ముందు చీటీకి 5 నిమిషాలు పక్కన పెట్టేయండి. దేనికీ రాయకుండా 3 నిమిషాలు వదిలేయండి, ఎవరో ఒకరు తలుపు దగ్గరకు వచ్చి సంతకం అడుగుతారు, ఎవరో ఒకరికి పెన్సిల్ ఉండదు. మిగిలింది 37.

ఆ తర్వాత అందరూ మర్చిపోయేది సామాన్లు పంచడం. పట్టీలు విడివిడిగా ఉంటే ఏడెనిమిది నిమిషాలు దానికే పోతాయి. ముందు రోజే జతకు సరిపడా పట్టీలు రబ్బరు బ్యాండు వేసి ఉంచి, ఒక్కో వరసలో ముందున్న పిల్లలతో పంచిస్తే 3 నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని ప్లాన్‌లో విడిగా రాయండి. రాయకపోతే ఆ టైమ్ చర్చలోంచి పోతుంది.

మడవడానికి 10 ఇవ్వండి. మీకు రెండు నిమిషాల పని, కానీ ఐదో తరగతి పిల్లలకు మడత అంచులు కలపడం, గోరుతో నొక్కడం, గీత మీద పెన్సిల్ గీయడం, భిన్నం రాయడం కలిపి అంత పడుతుంది.

మొత్తం నింపిన ప్లాన్ ఒకటి చూపిస్తారా?

ఇదిగో. గళ్ళు మీరు గీసుకోండి.

తరగతి: 5. విషయం: గణితం. పాఠ్యాంశం: భిన్నాలు, లవం 1 ఉన్న భిన్నాలను పోల్చడం. వ్యవధి: 45 నిమిషాలు.

లక్ష్యం: పైన రాసిన వాక్యం, ఒక్కటే.

ఎదురుచూసే తప్పు: "హారం పెద్దదైతే భిన్నం పెద్దది."

సామగ్రి: ఇద్దరికి ఒక కట్ట. ఒక్కో కట్టలో 24 సెంటీమీటర్ల తెల్ల పట్టీలు మూడు, 3 భాగాలు గీసిన పట్టీ ఒకటి, 6 భాగాలు గీసిన పట్టీ ఒకటి. చివర్లో ఇవ్వడానికి అందరికీ చీటీలు.

ఉన్ముఖీకరణ, 4 నిమిషాలు: బోర్డు మీద 1/6, 1/8 రాస్తారు. ఏది పెద్దదో పిల్లలు నోట్‌బుక్‌లో రాసి పుస్తకం మూసేస్తారు. టీచరు అవునని కానీ కాదని కానీ అనరు.

పంపిణీ, 3 నిమిషాలు.

కృత్యం 1, 10 నిమిషాలు: జతలుగా తెల్ల పట్టీలను 2, 4, 8 భాగాలుగా మడిచి, గీతలు గీసి, ఒక్కో భాగం మీద 1/2, 1/4, 1/8 రాస్తారు. టీచరు తిరుగుతూ అంచులు కలిశాయో లేదో చూస్తారు.

కృత్యం 2, 8 నిమిషాలు: ఐదు పట్టీలనూ ఎడమ అంచులు కలిసేలా ఒకదాని కింద ఒకటి పెడతారు. మొదటి భాగాలను చూసి పెద్దది నుంచి చిన్నదానికి వరస రాస్తారు. మొదట్లో రాసుకున్న జవాబు తెరిచి చూసుకుంటారు.

చర్చ, 7 నిమిషాలు: "ముక్కలు ఎక్కువైతే ఒక్కో ముక్కకు ఏమవుతోంది? ఎందుకు?" జవాబు మారినవాళ్ళు ఎందుకు మార్చుకున్నారో చెబుతారు. తర్వాత ఇంకో ప్రశ్న: "చిన్న పెసరట్టులో సగం, పెద్ద పెసరట్టులో సగం సమానమేనా?"

నోట్‌బుక్ పని, 5 నిమిషాలు: ఒకే పొడవున్న రెండు దీర్ఘచతురస్రాలు గీసి 1/3, 1/6 రంగు వేస్తారు.

మూల్యాంకనం, 5 నిమిషాలు: 1/7, 1/9 చీటీ. పట్టీలు లోపల పెట్టేసి, ఎవరికివారే రాస్తారు.

అదనం, 3 నిమిషాలు.

గమనించారా, ఇందులో "టీచరు వివరిస్తారు" అనేది ఎక్కడా లేదు. వివరణ అక్కర్లేదని కాదు, చర్చలో పిల్లవాడు సగం చెప్పిన మాటను మీరు పూర్తిచేయడంలోనే వివరణ అంతా ఉంటుంది. లెక్చర్‌లోని మూడు మెట్లు కూడా పేరు చెప్పకుండానే వచ్చేశాయి: చేత్తో మడవడం, బొమ్మ గీయడం, చీటీలో గుర్తులతో రాయడం.

ఉన్ముఖీకరణలో జవాబు చెప్పకుండా వదిలేయడం ఎందుకు? పిల్లలు గోల చేస్తారు.

చేయనివ్వండి. ముందే తన అంచనా రాసుకున్న పిల్లవాడు పట్టీల దగ్గరకు వచ్చేసరికి తనది కరెక్టా కాదా అని చూసుకుంటాడు. రాయకుండా ఊరికే నోటితో అడిగితే ముందు వరసలో ఇద్దరు అరుస్తారు, మిగతావాళ్ళు వాళ్ళతో కలుస్తారు, ఎవరికి ఏం తెలుసో మీకు అంతుపట్టదు. పాఠానికి ముందు ఎంతమంది తప్పు రాశారన్న లెక్క కూడా ఆ నోట్‌బుక్‌లోనే దొరుకుతుంది, చీటీలతో పోల్చుకోవచ్చు.

ప్రేయర్ ఆలస్యమై పీరియడ్ 35 నిమిషాలే మిగిలితే?

ఏది తీసేయాలో ప్లాన్‌లో ముందే రాసి ఉంచుకోండి, అప్పటికప్పుడు ఆలోచిస్తే చివరిది పోతుంది. ఈ ప్లాన్‌లో నోట్‌బుక్ పని 5 నిమిషాలు ఇంటిపనికి పంపండి, అదనంగా ఉంచిన 3 తీసేయండి, ఒక తెల్ల పట్టీని మీరే మడిచి ఇచ్చేసి మడతల్లో 2 నిమిషాలు తగ్గించండి. పది సరిపోయింది. చర్చనూ చీటీనీ ముట్టుకోవద్దు.

చీటీలకు మార్కులు వేయాలా?

వద్దు. మూడు కుప్పలుగా వేయండి చాలు, స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ చేసే పని.

"7 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పెద్దగా వస్తుంది" అనే అర్థం వచ్చేలా రాసినవి మొదటి కుప్ప. భాష ఎలా ఉన్నా, అక్షర దోషాలున్నా, ముక్కల సంఖ్యకూ ముక్క సైజుకూ సంబంధం చెప్పారంటే చాలు. "9 పెద్దది కాబట్టి 1/9 పెద్దది" అన్నవి మూడో కుప్ప, పాత తప్పు అలాగే ఉంది.

రెండో కుప్ప దగ్గర జాగ్రత్త. "7 చిన్నది కాబట్టి 1/7 పెద్దది" అని రాస్తారు. జవాబు కరెక్టే, చదవగానే టిక్కు పెట్టబుద్ధేస్తుంది. కానీ ఆ పిల్ల పాత సూత్రాన్ని తిరగేసి పట్టుకుంది, అర్థం ఇంకా రాలేదు. ఈ పిల్లకు 5/8, 1/2 ఇచ్చి చూడండి, 2 చిన్నది కాబట్టి 1/2 పెద్దదంటుంది. నిజానికి 1/2 అంటే 4/8, కాబట్టి 5/8 పెద్దది. లక్ష్యంలో "లవం 1 ఉన్న" అని హద్దు గీయమన్నది ఇందుకే. పీరియడ్ చివర్లో బోర్డు మీద "హారం చిన్నదైతే భిన్నం పెద్దది" అని సూత్రంలా రాసి పెట్టె కట్టేశారంటే, రెండో కుప్పను మీరే తయారు చేసినట్టు.

మర్నాడు ఏం చేయాలన్నది కుప్పల సైజును బట్టి ఉంటుంది. మూడో కుప్ప క్లాసులో మూడో వంతు దాటితే కొత్త పాఠం వద్దు, పట్టీలు మళ్ళీ తీయండి. నలుగురైదుగురే అయితే వాళ్ళను ఒక మూల కూర్చోబెట్టి పది నిమిషాలు చేయిస్తే సరిపోతుంది. రెండో కుప్పలోని వాళ్ళకు మర్నాడు మొదట్లో "ఎందుకు పెద్దదైంది, పట్టీతో చూపించు" అని నోటితో అడగండి, సగం మందికి అక్కడే వెలుగుతుంది. ఈ హద్దులు నేను పాటించేవి, మీ క్లాసును బట్టి మార్చుకోండి.

లెక్చర్‌లో మిగిలిపోయిన విషయాలు వృథాయేనా?

కావు. ప్లాన్ వెనక పేజీలో "టీచరు కోసం" అని రాసి నాలుగైదు వాక్యాలు పెట్టుకోండి. ఈ తప్పు ఎందుకు వస్తుంది, పిల్లవాడు అలా అంటే ఏం అడగాలి, అంతవరకు. మిగతా "పి" వాక్యాలు తర్వాతి పీరియడ్లకు విత్తనాలు. మన లెక్చర్‌లో గుంపులో భాగం గురించి ఒకటి ఉంది, సంఖ్యారేఖ మీద భిన్నం గురించి ఒకటి ఉంది. సంఖ్యారేఖకు ఇవే పట్టీలు పనికొస్తాయి, 24 సెంటీమీటర్ల గీత గీసి రెండు చివర్లా 0, 1 రాస్తే సరి. అందుకే పట్టీలు పారేయకండి.

లెక్చర్ అంతా థియరీయే. ఒక్క కృత్యం కూడా చెప్పలేదు. అప్పుడు?

అలాంటి లెక్చర్‌ నుంచి వేరే ప్లాన్ రాదు, ఉన్న ప్లాన్‌లో ఒక మార్పు వస్తుంది. ఉదాహరణకు ప్రశ్న అడిగాక ఆగడం గురించి చెప్పారనుకోండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు క్లాసు రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, 3 సెకన్లు, ఆపైన ఆగితే పిల్లలు ఇంకా పొడవైన జవాబులు చెబుతున్నారని 1970ల్లో చూపించారు. దీన్ని "లక్ష్యాలు" గడిలో ఎక్కించలేరు. పైన ఉన్న ప్లాన్‌లో చర్చ అన్న వరసలో "ప్రశ్న అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవాలి" అని ఒక్క లైను చేర్చండి. అంతే, లెక్చర్ ప్లాన్‌లోకి వచ్చేసింది. చర్చకు ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అది అదనపు మూడులోంచి తీసుకోండి.

మాకు ఇచ్చిన ఫార్మాట్‌లో గళ్ళు వేరేగా ఉన్నాయి. ఎంఈఓ గారు వస్తే ఇది ఒప్పుకుంటారా?

ఫార్మాట్ మార్చమని ఎవరూ అనడం లేదు. అభ్యసన ఫలితం అని గడి ఉంటే లక్ష్యం వాక్యం అక్కడికి, బోధనా వ్యూహం అని ఉంటే కృత్యాలు అక్కడికి, సామగ్రి, మూల్యాంకనం ఎటూ ఉంటాయి. టైమ్‌కి గడి లేకపోతే ప్రతి కృత్యం ముందు నిమిషాలు రాయండి. "ఎదురుచూసే తప్పు"కు ఏ ఫార్మాట్‌లోనూ చోటు ఉండకపోవచ్చు, మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో రాసుకోండి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది దాని గురించే, అప్పుడు చీటీల కట్ట చూపించండి, హెచ్ఎం గారు వచ్చినా అంతే.

4, 5 తరగతులు నా ఒక్కదాని దగ్గరే, ఒకే గదిలో. ఈ ప్లాన్ నడుస్తుందా అండీ?

నడుస్తుంది, కానీ ఒకేసారి ఇద్దరికీ మీరు కావాల్సిన నిమిషాలు రాకుండా చూసుకోవాలి. ఈ ప్లాన్‌లో మీరు తప్పకుండా ఐదో తరగతి దగ్గర ఉండాల్సింది ఉన్ముఖీకరణ, చర్చ, అంతే, 11 నిమిషాలు. మడిచేటప్పుడు, వరస పెట్టేటప్పుడు నాలుగో తరగతి వైపు వెళ్ళొచ్చు. కృత్యం 1 మాత్రం నాలుగో తరగతికి కూడా పనికొస్తుంది, వాళ్ళనూ మడవనివ్వండి. వాళ్ళకు లక్ష్యం వేరే రాయండి: "పట్టీని 4, 8 సమాన భాగాలుగా మడిచి ఒక్కో భాగానికి భిన్నం పేరు రాస్తారు." వాళ్ళకు చీటీ అక్కర్లేదు, పట్టీ వెనక పేరు రాసి ఇచ్చేస్తే అదే మూల్యాంకనం.

ఇదే టెంప్లేట్ తెలుగు పాఠానికీ, సైన్స్‌కీ వాడొచ్చా?

గళ్ళు వాడొచ్చు. నింపే పద్ధతిలో ఒక్కటి మారుతుంది. సైన్స్‌లో కూడా పిల్లల తప్పుడు నమ్మకం దొరుకుతుంది, బరువైనవన్నీ మునుగుతాయనుకోవడం లాంటిది, కాబట్టి భిన్నాల పాఠంలా దాని చుట్టూ కట్టొచ్చు. పద్యం చెప్పేటప్పుడు "త" వాక్యం కోసం వెతికితే దొరకదు, అక్కడ పిల్లలు ఎక్కడ తడబడతారో రాయండి, ఎక్కువగా పదాలు విడదీసే చోట. చీటీలో కూడా కంఠస్థం అడగకుండా, క్లాసులో చెప్పని ఇంకో పద్యంలోని ఒక పాదం ఇచ్చి విడదీయమనండి. 7, 9 ఇచ్చిన కారణమే దీనికీ.